సదరమ్మ ఏ ఊరి మనిషి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నా డైరీలో ‘నేను’ అనే మాట లేదు. పదో తరగతి నుంచి రాస్తున్నాను, తొమ్మిది నోటుపుస్తకాలు నిండాయి, అన్నింట్లోనూ నేను ‘ఆమె’ని. ‘ఈరోజు ఆమెకు బస్సు తప్పిపోయింది.’ ‘ఆమెకు ఎందుకో కొంత బాధ కలిగినట్లుంది.’ మా అమ్మ చేతికి దొరికితే కథ రాసుకుంటున్నానని చెప్పొచ్చని అలా మొదలుపెట్టాను. ఒకసారి దొరికింది కూడా. రెండు పేజీలు చదివి, ‘ఎవరో ఈ పిల్ల, పాపం, పొద్దుపోదేమో’ అని మూసి బీరువా మీద పెట్టేసింది. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. మనిషికి దూరంగా నిలబడి, ఆ మనిషి గురించే పేజీలకు పేజీలు ఎలా రాయొచ్చో నాకు బాగా తెలుసు. కాబట్టి ఇంకొకరు అదే పని చేస్తుంటే పట్టుకోవడం తేలిక.

నేను అల్లూరులో ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తాను. మా బోర్డు మీద వరసగా పెళ్ళికార్డులు, రొయ్యల మేత కరపత్రాలు, సాహిత్యం అని ఉంటుంది. మా దగ్గర పని కూడా ఆ వరసలోనే జరుగుతుంది. మాఘమాసంలో నవలకు చోటుండదు. రొయ్యలకు తెల్లమచ్చల తెగులు వచ్చిన నెలల్లో సాహిత్యం బాగా వెలుగుతుంది, ఎందుకంటే కరపత్రాలు ఆగిపోతాయి. మా వైపు ఉద్యోగ విరమణ చేసినవాళ్ళకు రెండు దారులున్నాయి. ఒకటి రొయ్యల గుంట తవ్వించడం, రెండోది నవల రాయడం. గుంట తవ్వించినవాళ్ళకు నిద్ర ఉండదు. నవల రాసినవాళ్ళు మాకు ఉండనివ్వరు.

మా ఓనరన్నకు ఒకే ఒక సాహిత్య సూత్రం ఉంది. నేను చేరిన రోజే చెప్పాడు.

“అక్షరం తప్పుంటే దిద్దు పాపా. భావం తప్పుంటే మనకెందుకు, అది ఆయన సొంత ఆస్తి.”

మూడేళ్ళు ఆ మాట మీదే ఉన్నాను. మాట్లాడవలసిన పని లేకపోవడం నాకు నచ్చింది కూడా.

అప్పుడు వచ్చాడు, డిప్యూటీ తహసీల్దారుగా చేసి దిగిపోయిన ఒక పెద్దమనిషి. చేతిలో ట్యాగు కట్టిన ఫైలు. అట్ట మీద ‘తీరప్రాంత మహిళా జీవన స్థితిగతులు’ అని ఉంది, దాని కింద చిన్న అక్షరాల్లో ‘నవల’ అని. ఆ చిన్న మాట లేకపోతే కలెక్టరు ఆఫీసుకు పోవలసింది దారి తప్పి మా దగ్గరకు వచ్చిందనుకునేవాళ్ళం. పేరాలకు నంబర్లున్నాయి. ప్రతి పేజీ అడుగున సంతకం ఉంది.

నవలలో సముద్రం ఒడ్డున ఒక పల్లెకారుల పాళెం, ఒక యువతి, చేపల వేటకు వెళ్ళిన భర్త. మూడో అధ్యాయంలో భర్త తిరిగిరాడు. అది ఇలా ఉంది:

‘సదరు మహిళ ఉదయం సుమారు పదకొండు గంటలకు సముద్ర తీరమునకు చేరుకొని, వేటకు వెళ్ళిన తన భర్త తిరిగి రాకపోవుటను గమనించి, తీవ్ర మనోవేదనకు లోనైనది. పిదప సదరు మహిళ తన భవిష్యత్తు గూర్చి ఆందోళన చెందినది. స్థానికులచే ఓదార్చబడినది.’

దీన్ని టైపు చేస్తూ టీ తాగాను. వేడిగా ఉండగానే తాగేశాను. గ్లాసు కింద పెట్టాక అనిపించింది, ఒక మనిషి సముద్రంలో పోయాడు, నా టీ కూడా చల్లారలేదు అని. నాకు తెలిసిన పరీక్ష ఇదే. మంచి పుస్తకంలో ఇలాంటి చోట టీ మీద మీగడ కడుతుంది.

తప్పు ఎక్కడుందో వెతికాను. మొదట ‘సదరు’ అనుకున్నాను. కంప్యూటరులో వెతికిస్తే నవల మొత్తంలో రెండు వందల పైచిలుకు దొరికాయి. కానీ అది ఒక్కటే కాదు. ‘గమనించి’ అన్నాడు. అంటే మనం సముద్రాన్ని చూడటం లేదు, సముద్రాన్ని చూస్తున్న ఆమెను చూస్తున్నాం, అదీ గట్టు మీద జీపులో కూర్చొని. ‘తీవ్ర మనోవేదన’ అన్నాడు. ఆ మాట ఆమె ఎప్పుడైనా అని ఉంటుందా? పాళెంలో ఎవరైనా పక్కింటికి పోయి నాకు తీవ్ర మనోవేదనగా ఉందమ్మా అంటారా? బాధకు పేరు పెట్టి, ముద్ర వేసి, ఫైలులో కట్టేశాక చదివేవాళ్ళు పడటానికి ఇంక బాధ మిగలదు. ఇక ‘ఓదార్చబడినది’. ఎవరు ఓదార్చారు, ఎవరి చెయ్యి, భుజం మీదా, తల మీదా? చేతులు లేకుండానే ఓదార్పు జరిగిపోయింది.

ఇదంతా నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. ప్రూఫు ఆయన ఇంటికి పోయేముందు ఆ పేరా పక్కన, అంచులో, పెన్సిలుతో చిన్నగా ఒక ప్రశ్న రాశాను: ‘ఇక్కడ ఈమె కాళ్ళు ఎక్కడున్నాయి?’

రెండో రోజు ఆయన వచ్చాడు. ప్రూఫు చుట్టగా చుట్టి పట్టుకొని ఉన్నాడు.

“కాళ్ళ సంగతి రాసింది ఎవరు?” అన్నాడు.

ఓనరన్న నా వైపు చూసి, ప్రూఫు చూసి, ఏం అర్థం చేసుకున్నాడో గానీ రెండు చేతులూ జోడించాడు.

“సార్, మా పాప చాలా పద్ధతైన పిల్ల. ఎట్ట రాసిందో నాకూ తెలీదు. కాళ్ళు గీళ్ళు మా ప్రెస్సులో ఉండవు సార్.”

“స్త్రీ పాత్ర గురించి అడగవలసిన ప్రశ్నేనా ఇది? గౌరవప్రదమైన రచన ఇది. దీనికి రాతపూర్వకంగా సంజాయిషీ కావాలి.”

కీబోర్డు వైపు చూస్తూ చెప్పాను.

“తడి ఇసకలో ఉన్నాయా, పొడి ఇసకలో ఉన్నాయా అని సార్.”

“అంటే?”

“ఆమె నీళ్ళ దాకా పోయిందా, పడవలు లాగే చోటే ఆగిపోయిందా అని. పొడి ఇసక అయితే పదకొండు గంటలకు కాళ్ళు కాల్తాయి. కాల్తున్నాయని ఆమెకు తెలుస్తుందో లేదో అని. తీరమునకు చేరుకొని అంటే అవేవీ తెలీడం లేదు.”

ఓనరన్న కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన కూర్చొని, చుట్టిన ప్రూఫు విప్పి మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. తర్వాత మాట్లాడిన మనిషి ఆఫీసరు కాదు.

“ఇది మా అక్క కథమ్మా” అన్నాడు. “అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మా నాయనా లేరు, అక్కే పెంచింది. పోయిన ఆదివారం పాళేనికి పోయి ఆమెను కూర్చోబెట్టి మూడో అధ్యాయం చదివినా. అంతా విని ఏమన్నదో తెల్సా?”

ప్రూఫు అంచు మడిచి, తనే చెప్పాడు.

“పాపం, ఎంత కష్టం వచ్చింది రా ఆమెకు. ఈ సదరమ్మ ఏ ఊరి మనిషి అబ్బయా, అన్నది.”

ఓనరన్న నవ్వు ఆపుకోవడానికి కాగితాల కట్ట వెనక్కు పోయాడు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ నా డైరీ మూసి పెట్టిన రోజు గుర్తొచ్చింది.

నెల్లూరులో ఒక హాలు మాట్లాడేశాడట, పదిహేను రోజుల్లో ఆవిష్కరణ. అక్కను వేదిక మీద కూర్చోబెట్టి మొదటి ప్రతి ఆమె చేతిలో పెట్టాలని ఆయన కోరిక. ఆమె రానంటోంది. ‘నాకు తెలవని మనిషి పుస్తకానికి నేనెందుకు రా కుర్చీలో కూర్చునేది’ అన్నదట. సినిమా వాళ్ళో, ప్రజాప్రతినిధులో మెచ్చుకోవాలని రాసిన నవలలు మా దగ్గర చాలా అచ్చయ్యాయి. ఒక్క ముసలామె ‘ఇది నేనే’ అనాలని రాసింది ఇదొక్కటే.

“సరి చేసుకొస్తా” అన్నాడు లేస్తూ. “దగ్గరగా రాయాలి, అంతే కదా.”

మూడు రోజులకు తెచ్చాడు. ‘సదరు’ ఒక్కటి కూడా లేదు, అది ఒప్పుకోవాలి. దాని బదులు ఇలా ఉంది: ‘ఆమె హృదయం వేయి ముక్కలైంది. కన్నీళ్ళు కట్టలు తెంచుకున్నాయి. సముద్రమంతటి దుఃఖం ఆమె గుండెలో ఘోషించింది.’ ఓనరన్నకు చాలా నచ్చింది. పక్కన తుపాను బొమ్మ వేద్దామన్నాడు.

నేను మళ్ళీ టీ వేడిగానే తాగాను. ఆయన దగ్గరకు రాలేదు, ఉన్నచోటే ఉండి గట్టిగా అరుస్తున్నాడు. ఒడ్డు మీద మైకు పెట్టినంత మాత్రాన ఒడ్డు దగ్గరవుతుందా? పైగా గుండె ముక్కలవడం, కట్టలు తెగడం అందరికీ అయ్యేవే. మా ప్రెస్సులో నెలకు నలుగురికి గుండె ముక్కలవుతుంది. ఇందులో ఈమెకు మాత్రమే జరిగింది ఏదీ?

ఇవన్నీ పెన్సిలుతో రాసి పంపాను. మాట్లాడటం కంటే అదే నయం.

మళ్ళీ తెచ్చాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది.

“పరిష్కారం దొరికింది. కథంతా ‘నేను’లోకి మార్చేసినా. ఆమే చెప్తా ఉంటది. ఇంతకన్నా దగ్గర యాడుంది?”

చదివాను. ‘నేను ఉదయం సుమారు పదకొండు గంటలకు తీర ప్రాంతమునకు హాజరై, నా భర్త తిరిగి రాకపోవుటను గమనించి, మనోవేదనకు లోనైతిని.’

“సార్” అన్నాను. “ఈ ‘నేను’ మీరే సార్. చీర కట్టుకొని ఒడ్డుకు పోయినారు, అంతే.”

ఆ మాట ఎలా అనేశానో నాకు తెలియదు. ఓనరన్న బయటకు పోయి టీ చెప్పాడు. ఆయన మాత్రం కోప్పడలేదు. పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరకు అన్నాడు.

“అయితే నువ్వే చెప్పమ్మా. ఇంక పది రోజులుండాయి.”

రాయడం గురించి ఏమీ చెప్పలేదు నేను. ఆ రోజు ఆయన ఏం చూశాడో అడిగాను, అక్క ఏం చేస్తోంది, చేతుల్లో ఏముంది అని. ఆయన మొదట ‘విచారంగా ఉండినది’ అన్నాడు. కాదు సార్, చేతుల్లో, అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. సర్వే చేస్తున్నట్టు కొంచెం కొంచెంగా వచ్చింది. ఇసక మీద వల పరిచి చేపలు ఆరబోసి ఉన్నాయి. అక్క వాటిని తిరగేస్తోంది. తెప్పలు ఒక్కొక్కటే వస్తున్నాయి. బావ తెరచాపకు యూరియా గోతం అతుకు. తను అక్క కొంగు పట్టుకొని అన్నం అన్నం అంటున్నాడు.

“తిరగేసిన చేపనే మళ్ళీ తిరగేసింది” అన్నాడు హఠాత్తుగా. “నేను చెప్పినా గూడా, అక్కా అది తిప్పేసినావు అని. ఇనలా.”

“ఇది నవల్లో ఎందుకు లేదు సార్?”

“ఇది ముఖ్యమైన అంశం కాదు కదమ్మా.”

ఇద్దరం కలిసి రాశాం. ఆయన చెప్పాడు, నేను టైపు చేశాను, మధ్యమధ్య తీసేశాను. ఇలా వచ్చింది:

‘నాలుగు తెప్పలు ఒడ్డెక్కాయి. చేపలు తిరగెయ్యాలి, ఈ పక్క ఎండిపోయాయి. ఒకటి తిరగేసింది. ఇంకొకటి. తెరచాపకు గోతం అతుకు, అది దూరం నుంచే తెల్లగా కనిపిస్తుంది. కనిపించాలి. ఎండ కళ్ళలో కొడుతోంది, అందుకే. ఎండ తగ్గితే కనిపిస్తుంది. తమ్ముడు కొంగు లాగుతున్నాడు. వీడికి ఇప్పుడే రావాలా ఆకలి. ఇంకొక చేప తిరగేసింది. అక్కా అది తిప్పేసినావు, అన్నాడు వాడు.’

ఆయన స్క్రీను దగ్గరగా వంగి చదివాడు.

“ఎండ తగ్గితే కనిపించునని ఆమె ఆశించినది, అని ఉండాలి కదా. లేకపోతే ఆ మాట ఎవరిదని?”

“ఆమెదే సార్. ‘ఆశించింది’ అని పెడితే మన మాట అయిపోతుంది. ఆశ పడుతున్నవాళ్ళకు ఆశపడుతున్నామని తెలీదు కదా. ఎండ ఎక్కువగా ఉందనే అనుకుంటారు.”

“ఏడ్చినట్టు ఎక్కడా లేదే.”

“ఏడ్చిందా సార్?”

“లేదు” అన్నాడు. “నేను పెట్టినాను అది.”

దాంతో ఆయనకు ఉత్సాహం వచ్చి, అధ్యాయమంతా ఇలాగే చేపచేపకూ రాద్దామన్నాడు. వద్దన్నాను. ఎప్పుడూ ముఖంలో ముఖం పెట్టి చూస్తే కూడా మనిషి కనిపించదు. ఆ మధ్యాహ్నం దగ్గరగా ఉంటే చాలు, తర్వాత మూడు రోజులు ఒక్క వాక్యంలో పోనివ్వండి, అక్కడ దూరమే మంచిది అని చెప్పి, ఆ వాక్యం నేనే కట్టాను: ‘ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.’ ఆయన ఆహా అన్నాడు. కాగితాల కట్టల మధ్య నుంచి ఓనరన్న కూడా ఆహా అన్నాడు. నేనూ ఆ వాక్యం చూసుకొని లోపల బాగా మురిసిపోయాను. ఆ సాయంత్రం డైరీలో కూడా రాశాను, ‘ఆమె ఈరోజు ఒక మంచి వాక్యం రాసింది’ అని.

ఆదివారం మధ్యాహ్నం ఆయన కారులో పాళేనికి పోయాం. నన్ను కూడా రమ్మన్నాడు, తను చదివితే గొంతు ఆఫీసు గొంతు అయిపోతుందని. వాకిట్లో వేసిన పట్ట మీద కూర్చొని ఆయన అక్క ఎండు రొయ్యపొట్టులో చెత్త ఏరుతోంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“ఈ పాప ఎవురు అబ్బయా?”

“పుస్తకం అచ్చేసే అమ్మాయి అక్కా.”

“మళ్ళా సదరమ్మ కథేనా? కూర్చో పాపా, వింటా వింటా ఈ పని చేసుకుంటాలే. ఆమెకు ఇంకా ఏం కష్టాలు వచ్చినాయో చెప్పు.”

నేను మామూలుగా నలుగురి ముందు నా పేరు చెప్పడానికి కూడా గొంతు సవరించుకుంటాను. కాగితం పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకొని చదివాను. నాలుగు తెప్పలు వచ్చేదాకా రొయ్యపొట్టు చప్పుడు వినిపిస్తూనే ఉంది. గోతం అతుకు దగ్గర ఆగింది. అక్కా అది తిప్పేసినావు అనే దగ్గర ఆమె తమ్ముడు లేచి పోయి కారు టైర్లు చూడటం మొదలుపెట్టాడు. నాలుగు టైర్లనూ చాలా శ్రద్ధగా చూశాడు. పొయ్యి వెలగలేదు అనే వాక్యం దగ్గర నేను కొంచెం నెమ్మదిగా, బాగా చదివాను. మెప్పు కోసం.

కాగితం దించి చూస్తే, ఆమె చేతుల్లో పొట్టు అలాగే ఉంది.

“అతుకు ఎడం పక్క” అన్నది. “అది రాయలేదు మీరు. ఎడం పక్క ఉండేది.”

“రాస్తానవ్వా” అన్నాను. పెన్సిలుతో అక్కడే రాశాను.

టైర్ల దగ్గర నుంచి తమ్ముడు అడిగాడు, ఇటు తిరగకుండానే.

“ఇప్పుడు చెప్పు అక్కా. ఎవురామె?”

ఆమె చేతుల్లోని పొట్టు పట్ట మీద పోసింది.

“ఆ మీటింగు ఎప్పుడన్నావు? తెల్లచీర ఉతికి పెట్టుకోవాల” అన్నది. ఆయన టైరును కాలితో ఒకసారి మెల్లగా తన్ని, కారు తలుపు తీసి కూర్చున్నాడు. ముఖం తుడుచుకోవడం అద్దంలో కనిపించింది. ఆ దృశ్యాన్ని ఆయన ఫైలులో ఏమని రాసి ఉండేవాడో నాకు తెలుసు.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆమె నా చున్నీ కొస పట్టుకొని కిందికి లాగింది. రొయ్యపొట్టు వాసన. నేను వంగాను. తమ్ముడికి వినపడకుండా, గొంతు తగ్గించి చెప్పింది.

“పొయ్యి వెలిగింది పాపా. ఆ సందేళ నాకు ఆకలేసింది. నేనే ఎలిగించినా. వీడికి పెట్టి, వీడు పండుకున్నాక నేనూ తిన్నా, కడుపు నిండా తిన్నా. మొగుడు రాని రోజు ఎట్ట తిన్నానా అని ఇన్నేళ్ళూ ఎవురికీ చెప్పలా. అది రాయి. సదరమ్మ తిన్నదని రాయబాక, నేను తిన్నానని రాయి.”